భుజాల దాకా ఉన్న జుట్టుకి సవరం పెట్టి జడ వేయించాలా, ముడితో సరిపెట్టాలా?

కొత్తపేట అక్క: వచ్చే నెల మా చెల్లి పెళ్ళి, రాత్రి ముహూర్తం, కంచి పట్టుచీర కడతాను. నా జుట్టు భుజాల దాకానే, పైగా లేయర్ కట్. అమ్మేమో సవరం పెట్టి నడుం దాకా జడ వేయించుకోమంటోంది. పీటల దగ్గర వంగుతూ లేస్తూ ఉండేది నేనే. జడ నిలుస్తుందా? లేక ముడి వేసుకోనా?

సుభద్ర పిన్ని: పట్టుచీరకి జడ లేకపోతే వీపంతా బోసిగా ఉంటుందమ్మా. మీ అమ్మ చెప్పింది నిజమే. ఫొటోలు ఎప్పటికీ ఉంటాయి, ఒక్క రాత్రి ఓర్చుకో. బేగంబజార్‌లో మంచి సవరాలు దొరుకుతాయి.

మియాపూర్ మల్లి: పిన్నిగారూ, ఓర్చుకోవడం సరే, ఊడి పడితే? అక్కా, చిన్న చిట్కా చెప్తా. పొద్దున్నే తలస్నానం చేసి, కొబ్బరినూనె బాగా రాసి బిగించి దువ్వండి. లేయర్లు అణిగిపోతాయి, సవరం కదలదు.

పెళ్ళిజడల రమ: మల్లిగారూ, చెంపల దగ్గర రేగే వెంట్రుకలకి రెండు చుక్కల నూనె మంచిదే. కానీ పిన్ను గుచ్చే చోట నూనె తగిలితే పిన్ను జారుతుంది. అప్పుడే కడిగిన జుట్టూ అంతే, పట్టు ఉండదు. అందుకే ముందురోజు కడగమంటాను. తడి మీద అసలు అల్లొద్దు, ఆరాక వదులైపోతుంది.

అక్కగారూ, పొట్టి జుట్టుకి సవరం ఊడేది దాని పొడవు వల్ల మాత్రమే కాదు, కట్టే తీరు వల్ల. చాలామంది వెనక చిన్న పోనీ కట్టి దానికే సవరం ముడేస్తారు. బరువంతా ఆ కాస్త జుట్టు మీద పడుతుంది. మీరు తలంబ్రాల పళ్ళెం అందించడానికి వంగగానే రబ్బరు బ్యాండు కిందికి జారుతుంది, పొట్టి లేయర్లు ఒక్కొక్కటే బయటికొస్తాయి.

నేను ఇలా చేస్తాను. చెవి నుంచి చెవికి అడ్డంగా పాపిట తీసి, పైజుట్టు క్లిప్పుతో పక్కన పెడతాను. కింది జుట్టుని తలకి అంటుకునేలా, పక్క జుట్టు కలుపుకుంటూ రెండు చిన్న జడలు అల్లుతాను. వాటి కొసలు మెడ పైన ఒకదాని మీదుగా ఒకటి మడిచి పిన్నులు పెడతాను. పిన్ను వంకర్ల వైపు తలకి ఆనాలి, రెండేసి పిన్నులు అడ్డంగా దాటాలి. సవరం తల ఈ అల్లిక లోపలికి పోవాలి. తర్వాత పైజుట్టు వదిలి, కొంచెం వెనక్కి దువ్వి ఉబ్బు తెచ్చి, మొదటి పాయల్లో కలిపేస్తే అతుకు కనబడదు.

పోయిన మాఘంలో ఒక పెళ్ళికూతురి అక్కకి ఇలాగే వేశాను. ముందు లేయర్లు గడ్డం దాకానే ఉన్నాయి, అల్లికలోకి రాలేదు. వాటిని చెవుల వెనక్కి మెలితిప్పి విడిగా పిన్ను చేశాను. నడుం దాకా కావాలంది. ట్రయల్‌లో పూలు చుట్టి, వంగి లేవమన్నాను. కణతల దగ్గర చర్మం లాగుతోందంది. అంటే బరువు ఎక్కువైనట్టే. వీపు సగానికి తగ్గించి, పూలు పైభాగానికే చుట్టాం. అప్పగింతల దాకా జడ కదల్లేదు.

గుంగురు జుట్టు: నాది చెవుల కిందికి బాబ్, పైగా రింగులు. పెళ్ళి నాదే, వచ్చే వారం. స్ట్రెయిటెనింగ్ చేయిస్తే సవరం కలుస్తుందా?

పెళ్ళిజడల రమ: చేయించకండమ్మా. సాఫీ చేస్తే జుట్టు ఇంకా జారుతుంది, మీ రింగులే పిన్నుని పట్టుకుంటాయి. బాబ్‌కి వెనక కింద జుట్టు చాలక నా అల్లిక కుదరదు. రెండు పక్కల నుంచీ మెలితిప్పి వెనక కలిపి, పైన చిన్న ముడి సవరం, దాని చుట్టూ అరచందమామలా మల్లెలు. సవరం నైలాన్‌దైతే ఇస్త్రీ మిషన్ తగిలించొద్దు, కరుగుతుంది. ఫ్లాష్‌లో వేరే మెరుపూ వస్తుంది.

మియాపూర్ మల్లి: పూల గురించి కూడా చెప్పండి రమగారూ. మా వదినకి హాల్‌లోకి అడుగుపెట్టేసరికే మల్లెలు నల్లబడ్డాయి.

పెళ్ళిజడల రమ: స్ప్రే పూల మీద పడి ఉంటుంది. ముందు స్ప్రే, అది ఆరాకే పూలు. రాత్రి ముహూర్తానికి గుడిమల్కాపూర్‌లో మొగ్గలే కొనండి, తడిబట్టలో చుట్టి ఉంచండి. కానీ తలలో పెట్టేముందు నీళ్ళు దులిపేయాలి, తడి మూరలు బరువు.

సుభద్ర పిన్ని: ఇంత కష్టపడి వీపు సగానికే జడ వేస్తే ఏం అందం? పొడుగు ఉండాల్సిందే, నేను ఒప్పుకోను.

కొత్తపేట అక్క: ఆదివారం ట్రయల్ పెట్టుకున్నాను, చీర కట్టుకునే వెళ్తా. అమ్మ మాత్రం పిన్నిగారి పక్షమే. రమగారూ, సవరం రంగు నా జుట్టు కొసలతో కలవాలా, మొదళ్ళతోనా?

పెళ్ళిజడల రమ: కొసలతో. పగటి వెలుతురులో పోల్చండి, దుకాణం లైట్లలో కాదు.