పాత అతిథికి పెళ్లిరోజు కార్డు: ఎంత చనువు ఎక్కువ?

ముందుడెస్కు: గచ్చిబౌలిలో ఒక హోటల్‌లో అతిథుల విభాగం చూస్తాను. ఒక దంపతులు రేపు మూడోసారి వస్తున్నారు. పోయిన ఏడాది ఇదే వారం పెళ్లిరోజుకు వచ్చినట్టు రికార్డులో ఉంది. గదిలో కేక్ పక్కన పెట్టడానికి ఇలా రాశాను: "మన ఇంటికి మళ్లీ వచ్చారు! పోయినసారి కిటికీ దగ్గర మీరిద్దరూ అర్ధరాత్రి దాకా కబుర్లు చెప్పుకోవడం మాకింకా గుర్తుంది." మేనేజరు వద్దన్నారు. తప్పెక్కడ?

తీపిప్రియుడు: కేక్ కన్నా పూతరేకులు పెట్టండి. మా చెల్లెలి పెళ్లికి అవే పంచాము.

పాతకాపు: తీపి సంగతి కాదు, వారు అడుగుతున్నది మాట గురించి. అతిథి తానుగా చెప్పింది రాయవచ్చు, మనం గమనించింది రాయకూడదు. గుడ్డు లేని కేక్ కావాలని వారే అడిగి ఉంటే అది గుర్తుంచుకోవడం మర్యాద. కిటికీ దగ్గర కబుర్లు గుర్తున్నాయంటే, ఎవరో చూస్తూ నిలబడ్డారని అర్థం. నేనైతే ఇంతే రాస్తాను:

"…గారికి, …గారికి, పెళ్లిరోజు శుభాకాంక్షలు. మళ్లీ మా దగ్గర బస చేస్తున్నందుకు సంతోషం. పోయినసారి మీరు అడిగినట్టే గుడ్డు లేని కేక్ ఉంచాము."

కింద చేతితో సంతకం, పేరు. ఎన్నో పెళ్లిరోజో అంకె వేయకండి, అది తప్పితే కార్డంతా పాడవుతుంది.

మియాపూర్ వాసి: అసలు అతిథి అడిగితే తప్ప శుభాకాంక్షలే చెప్పకూడదు.

పాతకాపు: అంత అక్కరలేదు. కానీ రికార్డును నమ్మి కార్డు అచ్చు వేయకూడదు. విదేశాల నుంచి వచ్చిన బుకింగ్‌లో 05/04 అని ఉంటే అది ఏప్రిల్ 5 కావచ్చు, మే 4 కావచ్చు. ఆఫీసు వారు బుక్ చేస్తే ఆ రికార్డు అసలు బస చేసేవారిదే కాకపోవచ్చు.

ఒంటరి ప్రయాణికురాలు: నాకు జరిగింది చెబుతాను. మావారు చనిపోయిన ఏడాదే, ఒక్కదాన్నే వెళ్లాను. గదిలో "మీ ఇద్దరికీ" అని కార్డు, రెండు గ్లాసులు. వారి తప్పు లేదు, తేదీ సరైనదే. అయినా ఆ రాత్రి లైటు వేసుకునే కూర్చున్నాను.

ముందుడెస్కు: ఇది చదివాక మా బుకింగ్ మళ్లీ తీశాను. ఇద్దరు పెద్దలు అని ఉంది, రెండో పేరు ఖాళీ.

పాతకాపు: ఫోను చేయండి. పెళ్లిరోజు మాటే ఎత్తవద్దు. గుర్తింపు కార్డు ఇద్దరికీ కావాలి కాబట్టి, రెండో వారి పేరు రాసుకోవాలని అడగండి చాలు.

ముందుడెస్కు: చేశాను. ఈసారి ఆ భర్తతో వస్తున్నది ఆయన అమ్మగారట, ఇక్కడ ఆసుపత్రిలో చూపించుకోవడానికి. కేక్ ఆపించాను. కార్డు మీద "మళ్లీ స్వాగతం" అని ఆయన పేరు ఒక్కటే రాయాలా, అమ్మగారి పేరు కూడా వేయాలా?

పాతకాపు: పేరు ఇప్పుడు ఆయనే చెప్పారు కదా, ఇద్దరికీ వేయండి. ఆసుపత్రి ప్రస్తావన మాత్రం వద్దు.

మియాపూర్ వాసి: "త్వరగా కోలుకోవాలి" అని ఒక్క ముక్క రాస్తే బాగుంటుందేమో?

ఒంటరి ప్రయాణికురాలు: వద్దండి. ఆమెకు ఏమైందో మీకు తెలియదు. ఆ మాట కన్నా ఫ్లాస్కులో వేడినీళ్లు పెట్టండి.