"రక్తం పలచన చేసే మందులు" – ఈ మాట ఉంచాలా, మార్చాలా?

సత్యవతి: ఒక ఆరోగ్య వ్యాసం దిద్దుతున్నాను. రచయిత ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ మూడింటినీ "రక్తం పలచన చేసే మందులు" అని ఒకే గాటన కట్టేశారు. ఉంచమంటారా?

వేణు: ఉంచేయండి. జనం అనే మాటే కదా. రక్తం చిక్కబడితే గడ్డ కడుతుంది, మందు వేస్తే పలచబడుతుంది.

నస్రీన్: ఈ మూడింటిలో ఏది వేసుకున్నా రక్తం చిక్కదనం మారదు వేణు గారూ. మారేది గడ్డ కట్టే తీరు. అదీ మూడింటికీ ఒకటి కాదు. గుండె ధమనిలో కొవ్వు పేరుకున్న చోట పగులు పడిందనుకోండి. అక్కడ రక్తం మహా వేగంగా పోతుంటుంది. ఆ వేగంలో కూడా గోడను పట్టుకుని నిలవగలిగేవి ముఖ్యంగా ప్లేట్‌లెట్లనే రక్తంలోని చిన్న కణాలే. అవి అంటుకుని, రసాయనాలు వదిలి మిగతా ప్లేట్‌లెట్లను పిలుస్తాయి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఆపేది ఆ పిలుపుల్నే. ఆస్పిరిన్ థ్రాంబాక్సేన్ అనే పిలుపు తయారు కానివ్వదు. క్లోపిడోగ్రెల్ ఏడీపీ అనే పిలుపు అందకుండా చేస్తుంది. వార్ఫరిన్ ప్లేట్‌లెట్ల జోలికే పోదు.

వేణు: ఆస్పిరిన్ నొప్పి మాత్ర కదా, నాలుగైదు గంటల్లో దిగిపోతుంది. మరి రోజుకు ఒక్కటే, అదీ 75 మిల్లీగ్రాములు ఎలా సరిపోతుంది?

నస్రీన్: మంచి ప్రశ్న. మందు గంటల్లో పోతుంది గానీ, అది ప్లేట్‌లెట్‌లో పాడుచేసిన, థ్రాంబాక్సేన్ తయారుచేసే ఎంజైమ్ మళ్ళీ బాగుపడదు. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు, కొత్త ఎంజైమ్ చేసుకోలేదు. అది బతికే వారం పది రోజులూ అలాగే ఉండిపోతుంది. మాత్ర మానేసినా ప్రభావం కొన్నాళ్ళు ఉండేది అందుకే.

రఘు: మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, మా ఇంటి సంగతి. నాన్నగారికి గుండెలో స్టెంట్ ఉంది, ఆ రెండు మాత్రలూ తప్పకుండా వేసుకుంటున్నారు. ఈమధ్య తుంటి ఎముక విరిగి మంచం మీద ఉండగా ఒక పిక్క వాచింది. స్కాన్‌లో సిరలో గడ్డ అన్నారు. రెండు మందులుండగా ఎలా వచ్చింది? పైగా రక్తం గడ్డకట్టే సమయాన్ని చూసే ఐఎన్ఆర్ పరీక్షలో 1.0 వచ్చింది. అంటే మాత్రలు పనిచేయట్లేదనేగా? చాలా టెన్షన్‌గా ఉంది.

నస్రీన్: ఆ రిపోర్టుకు కంగారు పడకండి. ఐఎన్ఆర్ చూసేటప్పుడు ల్యాబ్‌లో ట్యూబును గిర్రున తిప్పి, కణాలు అడుగుకు దిగాక పైన తేలిన ప్లాస్మాతో పరీక్ష చేస్తారు. ప్లేట్‌లెట్లు చాలావరకు అడుగునే ఉండిపోతాయి. అందుకే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసుకునేవారికి కూడా అది మామూలు మనిషికి ఉన్నట్టే 1 దగ్గరే ఉంటుంది. ఇక పిక్క సంగతి. కదలిక లేక సిరలో రక్తం దాదాపు నిలబడిపోతుంది. గడ్డకట్టించే ప్రోటీన్లు కొట్టుకుపోకుండా అక్కడే పోగై ఫైబ్రిన్ అనే పోగుల వల అల్లుతాయి, అందులో ఎర్రకణాలు చిక్కుకుంటాయి. ధమని గడ్డలో ప్లేట్‌లెట్లు ఎక్కువ కాబట్టి తెల్లగా కనిపిస్తుంది, ఇది ఎర్రగా ఉంటుంది. దీనికి వార్ఫరిన్ లాంటి, ఆ వల అల్లకాన్ని ఆపే మందు కావాలి. అది మొదలుపెట్టాక పాత మాత్రల్లో ఏది ఆపాలో గుండె డాక్టరే చెప్పాలి. మూడూ కలిస్తే రక్తస్రావం భయం, మీరే ఒకటి ఆపేస్తే స్టెంట్ మూసుకుపోయే భయం.

సుబ్బారావు: ఎర్రగడ్డ, తెల్లగడ్డ అని మాత్రం రాయకండి సత్యవతి గారూ, పాఠకులు సంచీ పట్టుకుని బయల్దేరతారు.

వేణు: సరే, ఒప్పుకున్నా. ధమనికి ప్లేట్‌లెట్ మందు, సిరకు వార్ఫరిన్. ఒక్క వాక్యంలో తేలిపోయింది.

నస్రీన్: సగమే తేలింది. గుండె లయ తప్పి కర్ణికలు కొట్టుకోకుండా వణికే జబ్బు ఉంది చూడండి, అందులో పక్షవాతం వస్తే గడ్డ దొరికేది మెదడు ధమనిలో. పుట్టింది మాత్రం ఎడమ కర్ణికకు ఉన్న చిన్న సంచిలో, రక్తం నిలిచిపోయిన చోట. స్వభావంలో అది సిర గడ్డకే దగ్గర. 2006లో వెలువడిన యాక్టివ్-డబ్ల్యూ అధ్యయనంలో ఈ జబ్బుకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి ఇచ్చినా వార్ఫరిన్ ముందు నిలవలేదు. గడ్డ ఎక్కడ ఇరుక్కుందని కాదు, ఎలాంటి ప్రవాహంలో పుట్టిందని అడగాలి.

సుబ్బారావు: మరి మా బంధువుకు మోకాలి ఆపరేషన్ తర్వాత కాళ్ళలో గడ్డ రాకుండా అని ఆస్పిరినే ఇచ్చారే?

నస్రీన్: ఇస్తారు. సిర గడ్డల్లో కూడా ప్లేట్‌లెట్లకు కొంత పాత్ర ఉంది, కాబట్టి నివారణలో ఆస్పిరిన్ కొంత పనికొస్తుంది. ఎవరికి అది చాలు, ఎవరికి చాలదు అన్నదాని మీద డాక్టర్లే ఇంకా ఒక మాట మీద లేరు. అప్పటికే కట్టిన గడ్డకు మాత్రం అది చాలదు.

సత్యవతి: అయితే వ్యాసంలో మొదటి రెండింటినీ "ప్లేట్‌లెట్లను అడ్డుకునే మందులు" అని, వార్ఫరిన్‌ను "ఫైబ్రిన్ వలను అడ్డుకునే మందు" అని విడదీస్తాను.

వేణు: శీర్షికలో మాత్రం "పలచన" ఉంచండి. వెతికేవాళ్ళు ఆ మాటతోనే వెతుకుతారు.

నస్రీన్: నేనైతే శీర్షికలోనూ ఉంచను.