ముందు సీట్లో పాప సీటు పెడితే: ఎయిర్‌బ్యాగ్ ఆఫ్ లైటు ఆరాలా, వెలగాలా?

లావణ్య, వైట్‌ఫీల్డ్
బాబుకి 8 నెలలు, వెనక్కి తిరిగి కూర్చునే సీటు కొన్నాం. పొద్దున నేనొక్కదాన్నే మారతహళ్ళి డేకేర్ దాకా తీసుకెళ్ళాలి, వెనక సీట్లో పెడితే ఒకటే ఏడుపు. మాది సెకండ్ హ్యాండ్ కారు, డాష్‌బోర్డ్ మధ్యలో PASSENGER AIR BAG OFF అని చిన్న లైటుంది, ఇగ్నిషన్ ఆన్ చేయగానే వెలిగి కాసేపటికి ఆరిపోతోంది. అంటే బ్యాగ్ ఆఫ్ అయినట్టే కదా? ముందు పెట్టుకోవచ్చా?

కిరణ్, హోసూర్ రోడ్
ఆరిపోయింది కదండీ, ఏ వార్నింగూ లేదంటే అంతా ఓకేనే. పైగా ఆ రూట్లో పొద్దున పూట 20 కూడా దాటదు, ఆ స్పీడుకి ఎయిర్‌బ్యాగ్ ఓపెన్ అవ్వదు. సీటు మాత్రం చివరి దాకా వెనక్కి జరిపి పెట్టండి, అంతే.

శీనయ్య, బొమ్మసంద్ర
లావణ్యమ్మా, రేపు పొద్దున బాబుని ముందు పెట్టకు, ముందు ఇది చదువు. ఆ లైటు ఆరిపోయిందంటే బ్యాగ్ ఆన్‌లో ఉన్నట్టు. మొదట్లో వెలిగేది బల్బు పని చేస్తోందా లేదా అని బండి తనే చూసుకోవడం. బ్యాగ్ నిజంగా ఆఫ్‌లో ఉంటే ఆ లైటు ఆరదు, బండి నడుస్తున్నంతసేపూ వెలుగుతూనే ఉంటుంది. మిగతా వార్నింగ్ లైట్లన్నీ ఆరితే మంచిదని మనకి అలవాటు, ఇదొక్కటీ దానికి ఎదురు, అందుకే ఇంత మంది తికమక పడతారు.

కిరణ్ బాబు చెప్పినట్టు సీటు వెనక్కి జరపడం మంచిదే, కానీ వెనక్కి తిరిగిన సీటుకి అది చాలదు. ఆ సీటు వీపు సరిగ్గా డాష్‌బోర్డ్ వైపు ఉంటుంది, దాని వెనకే పిల్లాడి తల. బ్యాగ్ గంటకి 300 కిలోమీటర్ల దాకా వేగంతో బయటికొస్తుంది, రెప్ప వేసేలోపు అయిపోతుంది. పెద్దవాళ్ళయితే అది నిండాక దాని మీద వాలతారు, ఇక్కడ నిండుతూ ఉండగానే సీటు వీపుని గుద్ది తలతో సహా వెనక్కి విసిరేస్తుంది. 1990లలో అమెరికాలో చిన్న గుద్దుళ్ళకే ఇలా పసిపిల్లలు పోయారు, అందుకే అక్కడ తర్వాత రూల్సు మార్చారు. స్పీడు సంగతికొస్తే బ్యాగ్ మీటర్ చూసి విచ్చుకోదు, బండి ఎంత ఠక్కున ఆగిందో చూస్తుంది. ఆరున్నరకి రింగ్ రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు లారీ వెనక తగిలితే 20 లెక్క ఎక్కడికి పోతుంది?

కిరణ్, హోసూర్ రోడ్
అన్నా మా మామయ్య కారులో అసలు స్విచ్చే లేదు, సీటు మీద బరువు చూసి అదే ఆఫ్ చేసుకుంటుంది. అలాంటిదైతే మనం చేసేదేముంది?

శీనయ్య, బొమ్మసంద్ర
అవును, ఆ రకం కూడా ఉంది. అందులోనూ లైటుని నమ్మాలి కానీ సెన్సర్‌ని కాదు. పాప సీటు బెల్టుని మోకాలుతో అదిమి బిగిస్తాం చూడు, ఆ లాగుడంతా సీటు మీద బరువులా పడుతుంది, బండి దాన్ని పెద్ద మనిషి అనుకుని బ్యాగ్ ఆన్ చేసేయొచ్చు. సీటు వెనకాల ఏదైనా ఆనుకున్నా, మెత్త మీద నీళ్ళు పడినా తేడా రావొచ్చు. బిగించక ముందు వెలిగిన లైటు బిగించాక ఆరిపోతే అక్కడ పెట్టొద్దు, వెనక సీటే.

లావణ్యమ్మా నీ బండిలో తాళంతో తిప్పే స్విచ్ ఉందేమో చూడు. ఎడమ వైపు ముందు తలుపు తెరిస్తే డాష్‌బోర్డ్ చివర, తలుపు మూస్తే కనపడని చోట చిన్న తాళం కన్ను ఉంటుంది, పక్కన ON, OFF. కొన్ని బండ్లకి గ్లవ్ బాక్స్‌లో ఉంటుంది. ఇగ్నిషన్ ఆపేసి, రిమోట్‌లో దాచిన చిన్న ఇనప తాళం బయటికి తీసి OFFకి తిప్పు, తాళం తీసేయ్, తర్వాత ఇగ్నిషన్ ఆన్ చెయ్యి. రెండు చూడాలి: మధ్యలో లైటు ఆరకుండా వెలుగుతూ ఉండాలి, మీటర్లో ఎర్ర ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరిపోవాలి.

మంజునాథ్, కేఆర్ పురం
శీనయ్య గారూ నాకూ ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతూనే ఉంది, వారం నుంచి. సీటు కింద వాక్యూమ్ కొట్టాక మొదలైంది, అంటే నాది ఆఫ్ అయిపోయిందా? పిల్లల సీటు ఏమీ లేదు నాకు.

శీనయ్య, బొమ్మసంద్ర
మంజూ నీది వేరే లైటయ్యా, మీటర్లో ఎర్రది. అది ఫాల్ట్. చాలాసార్లు సీటు కింద పసుపు రంగు కనెక్టర్ కదిలిపోయి వస్తుంది, సర్వీస్‌లో చూపించు, నువ్వు వైరు లాగకు. అది వెలుగుతుంటే ఏ బ్యాగ్ పని చేస్తుందో ఏది చెయ్యదో చెప్పలేం, కాబట్టి ఆ స్థితిలో OFF స్విచ్ కూడా నమ్మొద్దు.

కిరణ్, హోసూర్ రోడ్
స్విచ్ లేని కారైతే ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజ్ పీకేస్తే సరిపోదా, గ్రూపుల్లో చాలామంది అదే చెప్తారు.

శీనయ్య, బొమ్మసంద్ర
పీకితే బండి నడిపే అమ్మాయి బ్యాగ్ కూడా పోతుంది, గుద్దినప్పుడు బెల్టుని లాగి పట్టే పటాకా కూడా. బిడ్డని కాపాడబోయి తల్లి ఖాళీగా కూర్చోవాలా? స్విచ్ లేని కారులో వెనక్కి తిరిగిన సీటు ముందు పెట్టకూడదు, దానికి ఇంకో దారి లేదు.

పద్మ, బనశంకరి
నేను మీ అందరితో ఒప్పుకోను. స్విచ్ ఉన్నా లేకపోయినా పిల్లల చోటు వెనకే. ముందు గుద్దుడు తగిలేది ముందు సీట్లకే, బ్యాగ్ ఆఫ్ అయినంత మాత్రాన డాష్‌బోర్డ్ వెనక్కి పోదు. పైగా పిల్లల సీటుని బండికి బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ముందు సీట్లకి చాలా కార్లలో ఉండవు, బెల్టుతోనే కట్టాలి. బాబు ఏడిస్తే ఏడవనీ, వెనక హెడ్‌రెస్ట్‌కి చిన్న అద్దం తగిలించుకుంటే ముందు అద్దంలో మొహం కనపడుతుంది.

శీనయ్య, బొమ్మసంద్ర
పద్మ గారూ, వెనకే మేలన్నది నేనూ కాదనను. కానీ ఒంటరిగా నడుపుతూ అరుస్తున్న బిడ్డ కోసం పదే పదే వెనక్కి తిరిగే డ్రైవరు కూడా ప్రమాదమే కదండీ. నా మాట, సరిగ్గా ఆఫ్ చేసి, లైటు చూసుకుని ముందు పెట్టడం తప్పు కాదు.

పద్మ, బనశంకరి
తిరిగి చూసే అలవాటు మానుకోవాలి గానీ, బిడ్డని ముందుకి తేకూడదు. నా అభిప్రాయం మారదు.

లావణ్య, వైట్‌ఫీల్డ్
ఇప్పుడే పార్కింగ్‌లోకి వెళ్ళి చూశా. తలుపు పక్కన తాళం కన్ను ఉంది, దుమ్ము కొట్టుకుపోయి ఉంది, ముందు ఓనరు ఎప్పుడూ తిప్పలేదేమో. OFFకి తిప్పితే లైటు వెలిగింది, ఇక ఆరలేదు, ఎర్రది వెలిగి ఆరింది. ఆదివారం మాత్రం అత్తయ్య గారు ఆ సీట్లో కూర్చుంటారు, అప్పుడెలా?

శీనయ్య, బొమ్మసంద్ర
ఇగ్నిషన్ ఆపి మళ్ళీ ONకి తిప్పాలమ్మా, అప్పుడు లైటు వెలిగి ఆరిపోవాలి. ఆఫ్‌లోనే వదిలేస్తే గుద్దుకున్నప్పుడు అత్తయ్య గారికి బెల్టు తప్ప ఏం ఉండదు. సోమవారం బాబుని ఎక్కించేటప్పుడు మళ్ళీ OFF. బండి కదిలే ముందు ఆ లైటు వైపు ఒకసారి చూడు, ఎండ పడితే వెలుగుతోందో లేదో తెలీదు, చెయ్యి అడ్డం పెట్టి చూడు.

కిరణ్, హోసూర్ రోడ్
ఇంకో డౌటన్నా, బాబు పెద్దయ్యాక ముందుకి చూసే సీటుకి మారితే కూడా ఆఫేనా?

శీనయ్య, బొమ్మసంద్ర
దానికి అన్ని కంపెనీలూ ఒకే మాట చెప్పవు. కొన్ని ఆఫ్ చెయ్యమంటాయి, కొన్ని ఆన్‌లోనే ఉంచి సీటు పూర్తిగా వెనక్కి జరపమంటాయి. మాన్యువల్‌లో ఏ సీటులో ఏ రకం పిల్లల సీటు పెట్టొచ్చో చెప్పే పట్టిక ఉంటుంది, ఏ బండిలో పెడతారో ఆ బండి మాన్యువల్ తీసి అందులో చూడు.