అప్‌డేట్: పుస్తకాల కొట్టు కథలో చిక్కుముడి వీడింది

నా ప్రశ్న: "కథలో కొట్టాయన కూతురు, జనం ఒక పుస్తకాన్ని తప్పు పేరుతో వెతుకుతున్నారని నమ్మదగినట్టు ఎలా కనిపెట్టాలి?"

మీరు చెప్పినట్టే "వేమన శతకం" తీసుకున్నాను. కంప్యూటర్‌లో ఎక్కించింది అట్ట మీది పేరు, "వేమన పద్యాలు". "వేమన శతకం" అని మొత్తం కొడితే ఏమీ రాదు, తండ్రి "లేదమ్మా" అనేస్తాడు. అటక మీద పన్నెండు కాపీలు దుమ్ము కొట్టుకుంటుంటాయి. లేవని పంపేసిన పుస్తకాల చిట్టాలో నెలలో తొమ్మిదిసార్లు అదే పేరు చూసి, కూతురు ఒక్క "వేమన" అని కొడుతుంది. అంతే, దొరికిపోతుంది!

జనం పొరబాటుకీ కారణముంది. "విశ్వదాభిరామ వినురవేమ" అనే మకుటం శతక లక్షణమే. కానీ శతకమంటే నూరో, నూటెనిమిదో పద్యాలు. సి.పి. బ్రౌన్ 1829లో అచ్చువేయించినవే 693.

కథ మొదటి చిత్తుప్రతిలో ఆ పిల్ల కంప్యూటర్‌లో పుస్తకం పేరే మార్చేసింది. అది తప్పు, ప్రచురణకర్తకు మళ్లీ ఆర్డర్ పెట్టాలంటే అసలు పేరే కావాలి. ఇప్పుడు పక్కన "అడిగే పేరు" అని ఇంకో గడి చేర్చి, వెతుకులాట రెండు గడుల్లోనూ జరిగేలా పెట్టిస్తోంది.