ఇంటి ఫోటోలు ముప్పై ఏళ్లు నిలవాలంటే: ఫోనా, హార్డ్‌డిస్కా, క్లౌడా?

మట్టెవాడ ఆడబిడ్డ: మా ఇంట్ల 2009 నుంచి ఉన్న ఫోటోలు 140 జీబీ అయినయి. కొత్తవి ఫోన్లో, పాతవన్నీ 2014లో కొన్న హార్డ్‌డిస్కులో ఉన్నయి. మా బాపు ఫోటోలు అందులోనే ఉన్నయి, వేరే ఎక్కడా లేవు. ఈ మూడింటిలో దేన్ని నమ్మాలి? ఈ మధ్య డిస్కు పెడితే 2012 ఫోల్డర్ తెరుచుకోవడానికి రెండు నిమిషాలు పడుతోంది, లోపల టిక్ టిక్‌మంటోంది.

కాజీపేట శీను: అక్కా, క్లౌడ్‌లో పెట్టు, ఇంక రంది లేదు. వాళ్లు ఒక్కో ఫోటోను రెండు మూడు చోట్ల దాస్తరు. నేను ఫోన్ నిండినప్పుడల్లా గూగుల్ ఫోటోస్‌లో పాతవి డిలీట్ చేస్తుంట, అక్కడ భద్రంగనే ఉంటయి కదా.

రిపేరు బెంచీ, హన్మకొండ: శీనూ, వెంటనే ఆ యాప్‌లో బిన్ తెరిచి చూడు. అక్కడ డిలీట్ కొడితే ఫోన్లోదీ పోతది, క్లౌడ్‌లోదీ పోతది. బ్యాకప్ అయిన ఫోటో బిన్‌లో 60 రోజులు ఉంటది, ఆ తర్వాత దొరకదు. ఫోన్లో మాత్రమే ఖాళీ చేసేది `Free up space`. డిస్కులు పాడైనా ఫోటో పోదన్న నీ మాట నిజమే. కానీ మన వేలు తప్పయితే క్లౌడ్ ఆపదు.

అక్కా, మీరు ఈ చర్చ తేలేదాకా ఆగొద్దు. ఆ టిక్ టిక్ మంచి గుర్తు కాదు. డిస్కు చదవలేని చోట మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోంది, ఆలస్యం అందుకే. కొత్త డిస్కు కొని, బాపు ఫోల్డర్ మొదట, మిగతావి తర్వాత కాపీ చెయ్యండి. డిస్కు పాడైందని `chkdsk /f`, `chkdsk /r` నడపొద్దు, అవి పాత డిస్కు మీదనే రాతలు రాస్తయి. మౌస్‌తో లాగితే ఒక్క చెడ్డ ఫైలు దగ్గరే ఆగిపోవచ్చు, కాబట్టి కమాండ్ ప్రాంప్ట్‌లో ఇట్ల చెయ్యండి. E పాత డిస్కు, D కొత్తది, మీ దాంట్లో అక్షరాలు వేరైతే మార్చుకోండి. ముందు బాపు ఫోల్డర్ పేరు పెట్టి, తర్వాత మొత్తానికి:

```
robocopy E:\Photos D:\Photos /E /R:1 /W:1
```

`/R:1` పెట్టకపోతే చెడ్డ ఫైలు కోసం అది పది లక్షల సార్లు ప్రయత్నిస్తది, చావబోయే డిస్కును ఇంకా అరగదీస్తది. చివర వచ్చే పట్టికలో `FAILED` గడి చూడండి. `/MIR` మాత్రం వాడొద్దు, పాత దాంట్లో లేనిదాన్ని కొత్త దాంట్లోంచి కూడా తుడిచేస్తది. చప్పుడు పెరిగినా, డిస్కు కనిపించడం మానేసినా కరెంటు తీసేయండి. బజారులో మూత విప్పనివ్వొద్దు, దుమ్ము పడితే లోపలి పళ్లెం గీసుకుపోతది.

నయీంనగర్ వాసి: మా ఇంట్లో రెండు డిస్కులుండె, ఒకే బీరువాలో, కింది అరలో. 2023 జులై వానలకు నాలా పొంగి నీళ్లు ఇంట్లకొచ్చినయి. బురద కడిగి చూస్తే రెండూ పనిచేయలేదు. పెళ్లి ఆల్బం అటక మీద ఉండె, అదొక్కటి మిగిలింది. అందుకే నేనంటున్న, మంచి కాగితం మీద అచ్చు వేయించండి.

రిపేరు బెంచీ, హన్మకొండ: అన్నా, మీ బాధ అర్థమైంది, అచ్చు కూడా మంచిదే. కానీ వీడియోలకు ఏం చేస్తరు? మీకు రెండు కాపీలున్నా నీళ్లకు అవి ఒక్కటే. ఒక డిస్కు వేరే ఊళ్లో ఉండాలె. ఫ్లాష్‌తో నడిచే ఎస్‌ఎస్‌డీ అయితే ఏళ్ల తరబడి కరెంటు లేకుండా బీరువాలో పెట్టకండి, దాంట్లో రాసింది మెల్లగా కారిపోవచ్చు.

మట్టెవాడ ఆడబిడ్డ: నిన్న రాత్రి మొదలుపెట్టిన. బాపువన్నీ వచ్చినయి. `FAILED` దగ్గర 37 చూపించింది, అన్నీ 2012 ఫోల్డర్‌వే. డిస్కు ఆరోగ్యం చూపించే `CrystalDiskInfo` పెడితే పసుపు రంగులో `Caution` వచ్చింది. ఆ 37లో పదకొండు మా చెల్లెకు వాట్సాప్‌లో పంపినయి, అవి దొరికినయి. తెరిచి చూస్తే పోచమ్మ బోనాలప్పటి ఫోటోలో బాపు మొహం మసకగా ఉంది, చీర అంచులు కూడా కలిసిపోయినయి.

రిపేరు బెంచీ, హన్మకొండ: మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోను కుదిస్తది. ఇకనుంచి డాక్యుమెంట్‌గా పంపించుకోండి. మిగతా 26 కోసం రికవరీ ల్యాబ్‌ను అడగొచ్చు, ఖర్చు చూసుకుని మీరే తేల్చుకోవాలె. ఇంక రెండో డిస్కు కరీంనగర్‌లో చెల్లె దగ్గర పెట్టండి, పాస్‌వర్డ్ వేసి. క్లౌడ్ మూడోది. గూగుల్ ఖాతా రెండేళ్లు వాడకపోతే తీసేసే హక్కు వాళ్లకుంది, అందుకని అప్పుడప్పుడు తెరుస్తుండండి. ఉచిత 15 జీబీ జీమెయిల్‌తో కలిపే కాబట్టి మీ 140కి డబ్బు కట్టక తప్పదు.

నయీంనగర్ వాసి: పాస్‌వర్డ్ వద్దు. రేపు ఆమెకు ఏమన్నా అయితే పిల్లలు ఆ డిస్కు తెరవలేరు. మా పెద్దనాన్న ఫోన్ ఇప్పటికీ తాళం వేసి అట్లనే ఉంది.

రిపేరు బెంచీ, హన్మకొండ: పాస్‌వర్డ్ లేని డిస్కు దొంగ చేతికి పడితే ఇంట్లోవాళ్ల ఆధార్ కాపీలు కూడా పోతయి. కాగితం మీద రాసి, నగల డబ్బాలో పెట్టండి.

మట్టెవాడ ఆడబిడ్డ: ఆధార్‌లు తీసేసి ఫోటోలు మాత్రమే పెడితే తాళం లేకున్నా నడుస్తది కదా? చెల్లెతో మాట్లాడుత. రెండో డిస్కు ఆదివారం కరీంనగర్ పోతోంది. ప్రతి సంక్రాంతికి చెల్లె వచ్చినప్పుడు రెండూ పెట్టి, ఏడాదికో ఫోల్డర్ తెరిచి చూస్తం.