పక్కన మనిషిని ఫొటోలోంచి తీసేస్తే, ఆ చాటున ఉన్న చెయ్యి ఎట్టా తెచ్చేది?

కావలి_శీను: మా నాయన సంవత్సరీకానికి పెద్ద ఫ్రేము కట్టించాలి. మంచి ఫొటో ఒకటే ఉండాది, మా వాకిట్లో నిలబడింది, పాత ప్రింటు. పక్కన మా చిన్నాయన కాస్త ముందుకొచ్చి నిలబడ్డాడు, ఆయన అడ్డంతో నాయన ఎడమ భుజం సగం, ఆ చెయ్యి మొత్తం కనపడదు. చిన్నాయనని తీసెయ్యమని ఒంగోల్లో ఒక స్టూడియోలో ఇస్తే తీశారు గానీ నాయన వస్తాదు మాదిరి అయిపోయాడు. అమ్మ ఫ్రేము గోడకి తగిలించొద్దంటా ఉంది. ఎక్కడ తేడా కొట్టింది?

కందుకూరు_కిట్టు: ఇంకా స్టూడియోల చుట్టూ తిరిగేదేంది అన్నా. ఫొటోషాప్‌లో జెనరేటివ్ ఫిల్ ఉంది, మనిషి చుట్టూ గీత గీసి నొక్కితే మాయం. అయిదు నిమిషాల పని.

నెల్లూరు_ఫ్రేముల_బాబాయ్: శీనూ, వస్తాదన్నావు చూడు, తప్పు అక్కడే ఉంది. కనపడే కుడి భుజాన్ని కత్తిరించి తిరగేసి ఎడమపక్క అతికించుంటారు. నాయన కెమెరాకి సూటిగా నిలబడ్డాడా, తమ్ముడి వైపు కొంచెం తిరిగాడా? తిరిగుంటే కుడి భుజం కెమెరా దగ్గరికొచ్చి వెడల్పుగా, ఎడమది వెనక్కి పోయి కురచగా పడుద్ది. వెడల్పుదాన్నే రెండోపక్క కూడా పెడితే ఛాతీ పెరిగిపోద్ది. ఇంకో రెండు చూడు. చొక్కా జేబు ఉందా, పోయిందా? ఎండ ఏ పక్కనుంచి పడతా ఉంది?

కావలి_శీను: తిరిగే ఉండాడు బాబాయ్. ఎండ ఆయన కుడిపక్క నుంచి. జేబు అసలు ఫొటోలో సగం కనపడతా ఉంది, స్టూడియో వాళ్ళ దాంట్లో మొత్తానికే లేదు.

నెల్లూరు_ఫ్రేముల_బాబాయ్: ఇంకేంది, సరిపోయింది. మగోళ్ళ చొక్కాకి జేబు ఎడమపక్కే గదా, కుడిపక్క తిరగేసి పెడితే జేబు యాడి నుంచి వస్తది? ఎండ కూడా అంతే, కుడి భుజం మీద తెల్లగా మెరిసే మెరుపు ఎడమపక్కకి వచ్చిందంటే రెండుపక్కలా లైటు పెట్టినట్టు ఉంటది. అమ్మకి అది లెక్కగట్టి చెప్పడం రాకపోవచ్చు గానీ కంటికి తెలిసిపోద్ది.

తిరగెయ్యడం తప్పని కాదు నేననేది. తిరగేసినాక ఆ ముక్కని అడ్డంగా కొంచెం నొక్కాలి, మెడ దగ్గర్నించి భుజం కొస దాకా కుడిదానికన్నా తక్కువ ఉండాలి. మెరుపు ఆర్పి నీడ దించాలి. జేబు మాత్రం అసలు ఫొటోలో మిగిలిన సగాన్నించే గీసుకోవాలి.

కందుకూరు_కిట్టు: బాబాయ్ ఇవన్నీ పాత పద్ధతులు. పైగా కుడిచెయ్యి తిరగేస్తే బొటనవేలు అవతలికి పోద్ది, మనిషికి రెండూ కుడిచేతులే అయితాయి. దానికన్నా జెనరేటివ్ ఫిల్ మేలు.

నెల్లూరు_ఫ్రేముల_బాబాయ్: అద్దం ముందు నిలబడి కుడిచెయ్యి ఎత్తు, అద్దంలోది ఎడమచెయ్యి లాగే ఉంటది. తిరగేస్తే బొటనవేలు సరిగ్గానే వస్తది. తిరగెయ్యకుండా అట్టాగే జరిపి అతికిస్తేనే రెండు కుడిచేతులు.

కందుకూరు_కిట్టు: నేను నా కళ్ళతో చూశా, పెళ్ళి ఆల్బంలో వేళ్ళు తేడాగా వచ్చాయి.

అద్దంకి_అబ్బాయి: బొటనవేలు తర్వాత చూసుకోండ్రా సామీ, పాపం ఆయన అడిగిందేంది

నెల్లూరు_ఫ్రేముల_బాబాయ్: ఆ ఫిల్లు నేనూ వాడతా, కాదనలా. గోడకి, నేలకి బాగా పనికొస్తది. కానీ మనిషి ఆకారం ఎట్టుందో అట్టాగే గీత గీస్తే, తీసేసిన మనిషి జాగాలో ఇంకో మనిషిని తెచ్చి నిలబెడద్ది, చాలాసార్లు చూశా. గీత వదులుగా గియ్యాలి, తీసేసే మనిషి నీడ కూడా ఆ గీత లోపలే ఉండాలి. నేలమీద నీడ మిగిలిపోతే అంత పనీ వృథా.

వరస కూడా ఉంది. ముందు ప్రింటుని 600 డీపీఐలో స్కాన్ చెయ్. నాయనని విడిగా ఒక లేయర్ మీదకి తీసి పక్కన పెట్టు. ఇద్దరూ లేరనుకుని వెనకాల గోడ, వాకిలి గడప పూర్తిగా కట్టు. దారబందం నిలువు కొయ్య చిన్నాయన తలకి పైన, కాళ్ళ దగ్గరా కనపడతా ఉంటే ఆ రెండు ముక్కల్నీ కలిపి తిన్నగా గీత లాగు, మధ్యలో దాన్ని క్లోన్‌తో నింపు. అదయినాక నాయన లేయర్ పైకి తెచ్చి చెయ్యి కట్టు. చెయ్యీ గోడా కలిపి ఒకేసారి నింపితే చొక్కా అంచుకి సున్నం రంగు పూసినట్టు పాకుద్ది. ఆఖర్న కొత్తగా కట్టిన చోట గ్రెయిన్ వెయ్యాలి, పాత ప్రింటుకి చుక్కలు చుక్కలుగా ఉంటది, మనం కట్టింది నున్నగా ఉంటది. ఫోన్లో తెలియదు, పెద్దది చేసి ప్రింటు తీసినాక ఆ చెయ్యి ఒక్కటే ప్లాస్టిక్ మాదిరి బయటపడుద్ది.

పద్మ_చీమకుర్తి: మీరంతా గోడలు గడపలు కడతా ఉండారు, అసలు బతికున్న మనిషిని ఎందుకు తీసేస్తుండారో ఒక్కరూ అడగలా. మా అత్తగారింట్లో మా మామగారి ఫొటోలోంచి నన్ను తీసేశారు, పొలం గొడవయ్యాక. ఆయన్ని చివర్లో చూసుకుంది నేను. తీసేశారు గానీ ఆయన భుజం మీద నా వేళ్ళ కొసలు రెండు అట్టాగే మిగిలినాయి, చొక్కా నా చెయ్యి ఆనిన చోట నలిగి ఉంటది. వచ్చినోళ్ళు అదేందని అడిగితే చెప్పేవాళ్ళు లేరు.

కావలి_శీను: అమ్మా మీ గొడవ వేరు. మా చిన్నాయన కాష్టానికి కూడా రాలా. ఆయన పక్కన నాయన ఫొటోకి దండెయ్యాల్నా నేను? తెలియకుండా మాట్లాడబాకండి.

పద్మ_చీమకుర్తి: వాళ్ళూ ఇదే మాట అన్నారు నా గురించి.

నెల్లూరు_ఫ్రేముల_బాబాయ్: అమ్మా పద్మా, ఆ వేళ్ళు తీసినా నలుగుడు మిగిలితే తెలిసిపోద్ది, భుజం మీద గుడ్డ సాఫుగా ఉన్న చోటు నుంచి తెచ్చి కప్పాల. తీసెయ్యొచ్చా లేదా అనేది నా షాపులో నేను అడగను.

పద్మ_చీమకుర్తి: అడగాల. డబ్బులు తీసుకునేది మీరే గదా.

అద్దంకి_అబ్బాయి: నడుం పైకి కత్తిరించి ఫ్రేము కట్టుకోవచ్చు గదా, చెయ్యి గోలే ఉండదు

కావలి_శీను: అదీ చెప్పా, అమ్మ వినలా. కోపమొచ్చి గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది. నాయనకి ఎడమ చిటికెన వేలు సగం లేదు, గడ్డి కోసే మిషన్లో పోయింది. స్టూడియో వాళ్ళు పెట్టిన చేతికి అయిదు వేళ్ళూ నిండుగా ఉండాయి. భుజం కాదు బాబాయ్ ఆమె బాధ, అది ఆయన చెయ్యి కాదంటా ఉంది.

నెల్లూరు_ఫ్రేముల_బాబాయ్: ఈ ముక్క ముందే చెప్పుండాల్సింది. అట్టయితే కుడిచెయ్యి తిరగెయ్యడం ఎంత బాగా చేసినా పనికిరాదు. ఫొటోలో లేని చెయ్యిని ఏ మిషనూ బయటికి తీసుకురాదు, కల్పిస్తది, అంతే. ఆ చెయ్యి కనపడే వేరే ఫొటో ఏదన్నా వెతుకు. వేలు పోయినాకే తీసింది అయ్యుండాల, చెయ్యి కిందకి వేలాడతా ఉండాల, ఎండ అదే పక్కనుంచి పడితే ఇంకా మంచిది. రంగు, సైజు నేను కలుపుతా. దొరక్కపోతే చెయ్యి వెనక్కి పెట్టుకున్నట్టు చేసి మోచెయ్యి దాకా చూపిస్తా, వేళ్ళు కల్పించను.

పద్మ_చీమకుర్తి: వేళ్ళు కల్పించరు గానీ తమ్ముణ్ణి లేకుండా చేస్తారు.

కావలి_శీను: చెల్లెలి ఓణీల ఫంక్షన్ వీడియో ఉంది, దాంట్లో నాయన వడ్డిస్తా ఉంటాడు. దాంట్లోంచి తియ్యొచ్చా?

నెల్లూరు_ఫ్రేముల_బాబాయ్: పాత క్యాసెట్టు అయితే కష్టం, ఒక్కో బొమ్మ చానా చిన్నది, పెద్ద ఫ్రేములో చెయ్యి మసకేస్తది. వేలు ఆకారం వరకు చూసుకోను పనికొస్తది. చర్మం కుడిచేతి నుంచే తీసుకుందాం. క్యాసెట్టూ ప్రింటూ రెండూ తీసుకుని రా, ఒరిజినల్ మీద మాత్రం ఏం గియ్యబాక.

కందుకూరు_కిట్టు: అంతా బానే ఉంది గానీ బొటనవేలు సంగతి మాత్రం నేనొప్పుకోను.