గుడ్డు మెత్తగా రావాలంటే ఉప్పు ముందా, చివరా?

నాగావళి గట్టు: నాలుగు రోజులబట్టి మెత్తటి గుడ్డు పొరటు కోసం చూస్తన్నాను, ప్లేట్లో పెట్టిన రెండు నిమిషాలకే కింద నీళ్ళు ఊరిపోతన్నాయి. ఉప్పు ముందే వేసి గిలకొట్టడం వల్లేనా?

కోట జంక్షన్: ముమ్మాటికీ ఉప్పే. వంకాయ ముక్కలకి ఉప్పు రాసి చూడండి, నీరు లాగేస్తాది కదా, గుడ్డూ అంతే. మా అమ్మ ఎప్పుడూ దించేముందే జల్లేది.

బొబ్బిలి టిఫిన్లు: వంకాయ లెక్క ఇక్కడ కుదరదండీ. గిలకొట్టిన గుడ్డులో ఉప్పు కరిగిపోయి, ఉడికేటప్పుడు ప్రోటీను మరీ బిగుసుకుపోకుండా ఆపుతాది, అందుకే నీరు లోపలే ఉంటాది. మూడు గుడ్లకి పావు టీస్పూను ఉప్పేసి గిలకొట్టి ఒక పదిహేను నిమిషాలు వదిలేయండి. రంగు కాస్త ముదిరి పల్చబడతాది, పాడైందనుకోకండి. మరి మంట ఎంత పెడతన్నారు? టమాటా గాని వేస్తన్నారా?

నాగావళి గట్టు: ఫుల్లు మంటండి, పెనం పొగ వచ్చాక పోస్తాను. టమాటా ఒకటి పచ్చిదే కలిపేస్తాను.

చీపురుపల్లి వదిన: ఉప్పు ముందే వెయ్యాలి. పెళ్ళైన కొత్తలో నాను ఆమ్లెట్ మీద చివర్లో జల్లితే ఒకచోటే కుప్పపడింది, మా ఆడబిడ్డ అందరి ముందూ ఊసేసింది. పదేళ్ళైనా మర్చిపోలేదు.

బొబ్బిలి టిఫిన్లు: నాగావళి గారూ, దొంగ దొరికాడు. మంట ఎక్కువైతే గుడ్డు పిండిన గుడ్డలా బిగుసుకుని నీరు కక్కేస్తాది, పైన టమాటా నీరు. సిమ్‌లో పెట్టి, వెన్న నురగొచ్చాక, ఎర్రబడకముందే గుడ్డు పోసి, అడుగునించి గరిటెతో మెల్లగా తోస్తుండండి. ఇంకా కొంచెం తడిగా మెరుస్తున్నప్పుడే ప్లేట్లోకి తీసేయండి, ఆ వేడికే మిగతాది ఉడుకుతాది. పెనంలోనే వదిలేస్తే ముదిరిపోతాది.

కోట జంక్షన్: అంటే మా అమ్మ నలబై ఏళ్ళు తప్పు చేసిందనా మీ ఉద్దేశం?

బొబ్బిలి టిఫిన్లు: అమ్మగారి మాట నానెత్తలేదు. మీరే పదేపదే తెస్తన్నారు.

కోట జంక్షన్: అసలు జావలా ఉన్నదాన్ని గుడ్డనడమేటి? నీచు వాసన! మాకు అన్నంలోకి పొడిపొడిగా, అంచులు ఎర్రగా వేగిన పొరటు కావాలి. దాన్ని మీరు ముదిరిపోయిందంటే నాకు మండుతాది. పైగా మా ఇంట్లో చంటిది ఉంది, తడి గుడ్డు ఎలా పెడతాం?

బొబ్బిలి టిఫిన్లు: చంటిపిల్లలకి, కడుపుతో ఉన్నోళ్ళకి పూర్తిగా గట్టిపడేదాకా ఉడికించాల్సిందే, అది నానూ ఒప్పుకుంటాను. కానీ ఆయన అడిగింది మెత్తటిది కదా.

నాగావళి గట్టు: పొద్దున్న రెండు వాయిలు వేశాను, రెండూ సిమ్‌లోనే, టమాటా లేకుండా. ముందు ఉప్పేసిందాని కింద ఐదు నిమిషాల తర్వాత కూడా పొడిగానే ఉంది, గుడ్డు వెన్నలా ఉంది. చివర్లో వేసిందాని కింద కొంచెమే తడి, నిన్నటి చెరువు లేదు.

కోట జంక్షన్: చూశారా, చివర్లో వేసినా బానే వచ్చింది!

చీపురుపల్లి వదిన: కుప్పపడలేదా మరి?